బాండెడ్ వేర్‌హౌస్, డ్యూటీ డ్రాబ్యాక్: దిగుమతి సరుకును మళ్ళీ విదేశానికి పంపేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో కస్టమ్స్ కాగితాల పని చేస్తాను. వారానికి ఇద్దరు ముగ్గురైనా ఇవే ప్రశ్నలతో ఫోన్ చేస్తారు, అందులో సగం మంది సరుకు ఓడెక్కి వెళ్ళిపోయాక చేస్తారు, అప్పుడు నేను చెప్పగలిగేది చాలా తక్కువ ఉంటుంది. అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది తయారీదారుల కోసం కాదు. విదేశం నుంచి సరుకు తెచ్చి, అందులో కొంత ఇక్కడ అమ్మి, మిగిలినది ఉన్నది ఉన్నట్టు వేరే దేశానికి పంపే వ్యాపారుల కోసం. ప్రతి జవాబూ విడిగా చదువుకున్నా అర్థమయ్యేలా రాశాను, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## సరుకు రాకముందు

బాండ్‌లో పెట్టడం, డ్రాబ్యాక్ తీసుకోవడం రెండూ ఒకటేనా?

కాదు. బాండెడ్ వేర్‌హౌస్ అంటే డ్యూటీ ఇంకా కట్టకుండా సరుకును కస్టమ్స్ లైసెన్సు ఉన్న గోదాములో ఉంచడం. అక్కడి నుంచి ఇక్కడి మార్కెట్‌కు తీసిన రోజున, తీసినంత సరుకుకే డ్యూటీ కడతారు. విదేశానికి పంపితే దిగుమతి డ్యూటీ అసలు కట్టక్కర్లేదు. డ్రాబ్యాక్ దీనికి తిరగేసిన దారి. డ్యూటీ మొత్తం ముందే కట్టి సరుకు ఇంటికి తెచ్చేసుకున్నారు, తరవాత విదేశానికి పంపారు, అప్పుడు కట్టినదాంట్లో ఎక్కువ భాగం వెనక్కి అడుగుతున్నారు. బాండ్‌లో ప్రభుత్వం మీ డబ్బు కోసం ఎదురు చూస్తుంది, డ్రాబ్యాక్‌లో ప్రభుత్వం దగ్గరున్న మీ డబ్బు కోసం మీరు ఎదురు చూస్తారు. రెండూ 1962 కస్టమ్స్ చట్టంలోనివే. బాండ్ నుంచి ఎగుమతి 69వ సెక్షన్ కింద జరుగుతుంది, డ్యూటీ కట్టిన సరుకును తిరిగి పంపితే వచ్చే డ్రాబ్యాక్ 74వ సెక్షన్ కింద వస్తుంది.

మరి 75వ సెక్షన్ అని కూడా అంటారు, అది నాకు వర్తిస్తుందా?

సరుకును ఏమీ మార్చకుండా పంపేవాళ్ళకు వర్తించదు. దిగుమతి చేసిన ముడిసరుకుతో ఇక్కడ ఇంకో వస్తువు తయారుచేసి ఎగుమతి చేస్తే 75వ సెక్షన్ కింద డ్రాబ్యాక్ వస్తుంది. అక్కడ చాలా వస్తువులకు ప్రభుత్వం ప్రకటించిన ఆల్ ఇండస్ట్రీ రేట్లు ఉంటాయి. కట్టిన డ్యూటీకి ఆ రేటు మరీ తక్కువైతే మీ వస్తువుకే విడిగా లెక్కకట్టే బ్రాండ్ రేటు కోసం అర్జీ పెట్టుకోవచ్చు. దుబాయ్ నుంచి తెచ్చిన మెషిన్‌ను అదే పెట్టెలో కొలంబోకి పంపితే అది 74 కిందికే వస్తుంది. ఈ తేడా తెలియక రేట్ల పట్టికలో తమ వస్తువు వెతుక్కుని, ఒక శాతమో ఒకటిన్నర శాతమో కనిపించి దిగులుపడినవాళ్ళను చూశాను. 74లో రేటు వేరు, వాడని సరుకుకు కట్టిన దిగుమతి డ్యూటీలో 98 శాతం వస్తుంది.

నాకు ఏ దారి లాభం? లెక్క వేసి చెప్పండి.

10 మెషిన్లు తెప్పించారు, ఒక్కొక్కటి 4 లక్షలు, కస్టమ్స్ లెక్కకట్టిన విలువ మొత్తం 40 లక్షలు అనుకుందాం. బేసిక్ డ్యూటీ 7.5 శాతం ఉంటే 3,00,000. దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 30,000. ఇవన్నీ కలిపిన 43,30,000 మీద 18 శాతం ఐజీఎస్టీ 7,79,400. మొత్తం 11,09,400 రూపాయలు. వీటిలో 6 మెషిన్లు ఇక్కడ అమ్ముడుపోతాయి, 4 శ్రీలంక పార్టీకి వెళ్ళొచ్చు, ఇంకా ఖాయం కాలేదు.

బాండ్‌లో పెడితే ఆ నాలుగింటి మీద పడే 4,43,760 రూపాయల డ్యూటీ కట్టకుండానే కొలంబో పంపొచ్చు. గోదాము అద్దె, బ్రోకర్ ఖర్చు, బ్యాంకు గ్యారంటీ అడిగితే దాని కమీషన్ మాత్రం మీరు భరించాలి.

డ్యూటీ కట్టి తెచ్చుకుని, ఐజీఎస్టీని ఐటీసీగా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే క్రెడిట్‌గా తీసుకుని, తరవాత ఆ నాలుగు పంపితే డ్రాబ్యాక్ అడగడానికి మిగిలేది బేసిక్ డ్యూటీ, సర్‌చార్జి మాత్రమే. నాలుగింటికి అది 1,32,000, అందులో 98 శాతం అంటే 1,29,360. మీకు శాశ్వతంగా పోయేది 2,640 రూపాయలే. కానీ డ్యూటీ కట్టిన రోజు నుంచి డ్రాబ్యాక్ చేతికి వచ్చేదాకా ఆ డబ్బు ఇరుక్కుని ఉంటుంది, పైగా అది వస్తుందా రాదా అన్న టెన్షన్ ఒకటి.

నా అభిప్రాయం అడిగితే, సరుకులో మూడో వంతో అంతకంటే ఎక్కువో బయటికి వెళ్ళే అవకాశం ఉంటే బాండ్ మంచిది. మొత్తం సరుకు రెండు మూడు వారాల్లో ఇక్కడే అమ్ముడైపోయేదైతే బాండ్ దండగ, అద్దె, కాగితాల ఖర్చే మిగులుతుంది. అప్పుడు ఎప్పుడో ఒకటీ అరా తిరిగి పంపాల్సి వస్తే డ్రాబ్యాక్ చాలు.

బాండ్ అంటే మూడు రెట్లు డబ్బు డిపాజిట్ చేయాలట కదా?

డబ్బు డిపాజిట్ కాదు. 59వ సెక్షన్ ప్రకారం పడే డ్యూటీకి మూడు రెట్ల మొత్తానికి బాండ్ రాసివ్వాలి. నిబంధనలు తప్పితే అంత మేరకు కట్టుబడి ఉంటానని మీరు ఇచ్చే హామీపత్రం అది. డ్యూటీ 11,09,400 అయితే బాండ్ 33,28,200కి రాయాలి. దానికి తోడుగా కస్టమ్స్ అడిగితే సెక్యూరిటీ ఇవ్వాలి, బ్యాంకు గ్యారంటీ కావచ్చు, ఇంకో రూపంలో కావచ్చు. ఎంత, ఎవరికి అన్నది దిగుమతిదారుణ్ణి బట్టి మారుతుంది కాబట్టి సరుకు బయల్దేరకముందే మీ కస్టమ్స్ బ్రోకర్‌తో తేల్చుకోండి. తరచుగా తెప్పించేవాళ్ళు ప్రతిసారీ కొత్త బాండ్ రాయకుండా ఒక కాలానికి జనరల్ బాండ్ ఇచ్చే వీలుంది.

ఏ గోదాములో పెట్టాలి? నా సొంత గోదాము పనికొస్తుందా?

పబ్లిక్ బాండెడ్ వేర్‌హౌస్ అంటే లైసెన్సు ఉన్నవాళ్ళు అందరి సరుకూ అద్దెకు ఉంచుకునేది. ప్రైవేట్ అంటే లైసెన్సు తీసుకున్నవాళ్ళు తమ సరుకు పెట్టుకునేది. బంగారం, వెండి లాంటివి, డ్యూటీ ఫ్రీ షాపులకు వెళ్ళే సరుకు, ఓడల అవసరాలకు వెళ్ళే సరుకు స్పెషల్ వేర్‌హౌస్‌లోనే ఉంచాలి, దానికి కస్టమ్స్ తాళం పడుతుంది. మామూలు వ్యాపారికి మొదట్లో పబ్లిక్ గోదామే సులువు. ఏడాది పొడవునా సరుకు ఉండేవాళ్ళు మాత్రం సొంత గోదాముకు 58వ సెక్షన్ కింద లైసెన్సు తీసుకోవడం ఆలోచించుకోవచ్చు. అయితే లెక్కలు, భద్రత, సరుకు పోతే డ్యూటీ బాధ్యత అన్నీ అప్పుడు మీ మీదే పడతాయి.

## సరుకు వచ్చిన రోజు

బిల్ ఆఫ్ ఎంట్రీలో ఏం జాగ్రత్త పడాలి?

ఈ పేజీలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి. బిల్ ఆఫ్ ఎంట్రీ అంటే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు మీరు వేసే కాగితం. తిరిగి పంపేటప్పుడు అధికారి చూసేది ఒక్కటే, అప్పుడు వచ్చిన వస్తువూ ఇప్పుడు వెళ్తున్న వస్తువూ ఒకటేనా అని. 74వ సెక్షన్‌లో మొదటి షరతే వస్తువు సులువుగా గుర్తుపట్టగలిగేదై ఉండాలి అన్నది. దాన్ని రుజువు చేసేది ఎగుమతి రోజు మీరు చెప్పే మాట కాదు, దిగుమతి రోజు రాసుకున్న కాగితం.

కాబట్టి మోడల్ నంబరు, సీరియల్ నంబర్లు, బ్యాచ్ నంబర్లు, తయారీ సంవత్సరం, పెట్టెల మీద గుర్తులు ఇవన్నీ సప్లయర్ ఇన్‌వాయిస్‌లోనో ప్యాకింగ్ లిస్టులోనో ఉండేలా ముందే అడిగి రాయించుకోండి. బిల్ ఆఫ్ ఎంట్రీలో వస్తువు వివరం దగ్గర కూడా అవే రాయించండి. "మెషిన్లు 10" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, ఏడాది తరవాత ఈ నాలుగూ ఆ పదిలోవే అని చెప్పడానికి ఆధారం ఉండదు. నాకు తెలిసిన ఒక దిగుమతిదారుకు సరిగ్గా ఇదే జరిగింది. సరుకు అసలైనదే, డ్యూటీ కట్టిన రసీదు ఉంది, ఇన్‌వాయిస్ ఉంది, సీరియల్ నంబరు మాత్రం మెషిన్ మీద ఉన్న పలక మీద తప్ప ఇంకెక్కడా లేదు. తయారీ కంపెనీ నుంచి ఉత్తరం తెప్పించి, ఫోటోలు పెట్టి నెలల తరబడి తిరిగాడు. దిగుమతి రోజున పది నిమిషాల పని అది.

నంబర్లు లేని సరుకు, అంటే బట్టలు, పప్పులు, ప్లాస్టిక్ గుళికల్లాంటివి తెచ్చేవాళ్ళు డ్రాబ్యాక్ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మూత తెరవని సీల్డ్ సంచులు, లాట్ నంబర్లు ఉంటే కొంత నయం. బయటికి పంపే ఉద్దేశం ముందే ఉంటే అలాంటి సరుకుకు బాండే దారి, ఎందుకంటే గోదాము రిజిస్టరులో వచ్చినది, వెళ్ళినది వరసగా నమోదై ఉంటుంది.

బాండ్‌లో పెట్టే పని ఏ వరసలో జరుగుతుంది?

సరుకు దిగాక, డ్యూటీ కట్టి ఇక్కడి వాడకానికి తీసుకునే హోమ్ కన్సంప్షన్ బిల్లు బదులు వేర్‌హౌసింగ్ బిల్ ఆఫ్ ఎంట్రీ వేస్తారు, మా దగ్గర అందరూ ఇన్‌టు బాండ్ అంటారు. కస్టమ్స్ విలువ, డ్యూటీ లెక్క తేల్చి, బాండ్ తీసుకుని, సరుకును గోదాముకు తీసుకెళ్ళమని 60వ సెక్షన్ కింద ఆర్డరు ఇస్తుంది. ఆ ఆర్డరు తేదీని మీ దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి, వడ్డీ లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. సరుకు సీలు వేసిన వాహనంలో గోదాముకు వెళ్తుంది, గోదామువాళ్ళు సీలు, పెట్టెల లెక్క చూసి తీసుకున్నట్టు రసీదు ఇస్తారు. ఆ రసీదు కస్టమ్స్‌కు చేరితేనే ఆ దశ ముగిసినట్టు. లారీ వెళ్ళిపోయింది కదా అని వదిలేయకండి.

## గోదాములో ఉన్నప్పుడు

ఎన్నాళ్ళు ఉంచుకోవచ్చు? వడ్డీ ఎప్పటి నుంచి?

ఈ రెండూ వేరువేరు గడియారాలు. మామూలు వ్యాపార సరుకు ఏడాది వరకు ఉంచుకోవచ్చు, ఆ తరవాత తగిన కారణం చూపిస్తే కమిషనర్ స్థాయిలో పొడిగింపు ఇస్తారు, ఒక్కోసారి ఏడాదికి మించకుండా. వడ్డీ మాత్రం ఏడాదిదాకా ఆగదు. 60వ సెక్షన్ ఆర్డరు తేదీ నుంచి 90 రోజులు దాటితే, ఆ తరవాతి రోజులకు డ్యూటీ మీద ఏడాదికి 15 శాతం చొప్పున పడుతుంది.

11,09,400 డ్యూటీ ఉన్న సరుకును 150వ రోజున ఇక్కడి మార్కెట్‌కు తీశారనుకోండి. 60 రోజుల వడ్డీ సుమారు 27,355 రూపాయలు. ఐజీఎస్టీ మీద కూడా ఈ వడ్డీ పడుతుంది. ఐజీఎస్టీ తరవాత ఐటీసీగా మీకు వెనక్కి వచ్చేదే అయినా, దాని మీద కట్టిన వడ్డీ రాదు. అందుకని 80వ రోజున ఒకసారి కూర్చుని లెక్క చూసుకోండి. ఇక్కడే అమ్మబోయే సరుకైతే 90 లోపు తీసేయడం మంచిది, బయటికి వెళ్ళేదైతే అలాగే ఉంచండి.

విదేశానికి పంపే సరుకు 90 రోజులు దాటినా వడ్డీ కట్టాలా?

అక్కర్లేదు. వడ్డీ అనేది డ్యూటీకి తోకలాంటిది, డ్యూటీయే లేనప్పుడు దాని మీద వడ్డీ ఉండదని సుప్రీంకోర్టు 1996లో ప్రతిభా ప్రాసెసర్స్ కేసులో చెప్పింది. బాండ్ నుంచి ఎగుమతి చేస్తే దిగుమతి డ్యూటీ లేదు కాబట్టి వడ్డీ కూడా లేదు. కానీ ఈ మాట బాండ్ గడువు బతికి ఉన్నప్పుడే ధైర్యంగా చెప్పగలం.

గడువు తీరిపోయింది, మర్చిపోయాను. ఏమవుతుంది?

చాలామంది డ్యూటీ ఎప్పుడో ఒకప్పుడు కట్టేదే కదా అనుకుంటారు. గడువు దాటి గోదాములో ఉన్న సరుకును అనుమతి లేకుండా తీసిన సరుకుతో సమానంగా చూస్తారు. 72వ సెక్షన్ కింద డ్యూటీ, వడ్డీ, పెనాల్టీ అడుగుతారు. కట్టకపోతే గోదాములో ఉన్న మీ సరుకును పట్టి అమ్మే అధికారం కూడా ఉంది. డ్యూటీ రేటు కూడా గడువు తీరిన రోజుదే లెక్కలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1996లోనే కేశోరాం రేయాన్ కేసులో తేల్చింది. అంటే తరవాత రేటు తగ్గినా మీకు ఆ తగ్గింపు రాదు. గడువుకు కనీసం నెల ముందే పొడిగింపు అర్జీ పెట్టండి. కారణం దగ్గర "మార్కెట్ బాగాలేదు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకోకుండా, విదేశీ కొనుగోలుదారుతో నడిచిన మెయిళ్ళు, ఆర్డరు కాపీ జతచేస్తే అర్జీకి బలం ఉంటుంది.

బడ్జెట్‌లో డ్యూటీ తగ్గితే బాండ్‌లో ఉన్న నా సరుకుకు లాభమా? డాలరు పెరిగితే?

డ్యూటీ రేటు, గోదాము నుంచి ఇక్కడి మార్కెట్‌కు తీయడానికి మీరు ఎక్స్‌బాండ్ బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన రోజుది వర్తిస్తుంది. కాబట్టి బాండ్ గడువు నడుస్తుండగా రేటు తగ్గితే లాభం మీదే, పెరిగితే నష్టమూ మీదే. డాలరు రేటు అలా కాదు, అది మొదట ఇన్‌టు బాండ్ బిల్లు వేసిన రోజుది. రెండు వేరువేరు తేదీలు పట్టుకోవడం వింతగా అనిపిస్తుంది కానీ చట్టం అంతే. రూపాయి పడిపోతున్న నెలల్లో ఇది దిగుమతిదారుకు చిన్న ఊరట.

గోదాములో ఉండగానే వేరేవాళ్ళకు అమ్మొచ్చా?

అమ్మొచ్చు. కొన్నవాళ్ళు తమ పేరు మీద బాండ్ రాసిస్తే బాధ్యత వాళ్ళకు మారుతుంది. హోమ్ కన్సంప్షన్‌కు తీయకముందు జరిగిన ఇలాంటి అమ్మకాన్ని జీఎస్టీ చట్టం సప్లయి కింద చూడదు. అయితే చివరికి సరుకును బయటికి తీసేవాళ్ళు ఐజీఎస్టీ కట్టేటప్పుడు అమ్మకపు ధర ఎక్కువగా ఉంటే దాన్నే విలువగా తీసుకుంటారు. లాభం వేసుకుని అమ్మేటప్పుడు కొనేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి, తరవాత మాట రాకుండా ఉంటుంది.

పెట్టెలు విప్పి చూడొచ్చా? లోపల బిగించడం, మార్చడం లాంటివి?

చూడొచ్చు, కొనేవాళ్ళకు చూపించొచ్చు, వేరుచేసి సర్దుకోవచ్చు, పాడవకుండా కాపాడుకునే పనులు చేసుకోవచ్చు. వస్తువును మార్చే పని, అంటే భాగాలు బిగించి వేరే యంత్రం చేయడం లాంటివి చేయాలంటే 65వ సెక్షన్ కింద విడిగా అనుమతి ఉండాలి. ఆ అనుమతితో పనిచేసే యూనిట్లకు 2019లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. అక్కడ 90 రోజుల వడ్డీ గొడవ లేదు కానీ అది తయారీదారుల లోకం.

గోదాములో సరుకు పాడైతే, కాలిపోతే డ్యూటీ ఎవరిది?

అగ్నిప్రమాదంలోనో వరదలోనో పోయిందని నిరూపిస్తే 23వ సెక్షన్ కింద డ్యూటీ మాఫీ అడగొచ్చు. చిల్లర దొంగతనం దాని కిందికి రాదు. గోదాము నుంచి అనుమతి లేకుండా సరుకు పోతే లైసెన్సుదారు కూడా డ్యూటీకి జవాబుదారీ. పాలసీ తీసుకునేటప్పుడు సరుకు విలువకే కాకుండా డ్యూటీ మొత్తానికి కూడా కవర్ ఉందో లేదో చూడండి, తుఫాన్లు వచ్చే మా తీరంలో ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఇంకో దారి, సరుకు ఇక అమ్ముడుపోదని తేలితే హక్కు వదులుకోవడం. పెనాల్టీ ఏదైనా ఉంటే అది కట్టి వదిలేస్తే డ్యూటీ అడగరు.

## తిరిగి పంపేటప్పుడు

బాండ్ నుంచి నేరుగా ఎలా పంపాలి?

గోదాము నుంచి ఎగుమతి కోసం షిప్పింగ్ బిల్లు వేసి, అందులో ఇన్‌టు బాండ్ బిల్లు నంబరు, బాండ్ నంబరు చూపించాలి. కస్టమ్స్ ఆర్డరు ఇచ్చాక సరుకు సీలు వేసి పోర్టుకు వెళ్తుంది. ఓడెక్కినట్టు రుజువు వచ్చాక గోదాము రిజిస్టరులో ఆ సంఖ్య తగ్గించి, బాండ్‌లో ఆ మేరకు ముగిస్తారు. 10లో 4 పంపితే మిగిలిన 6 పాత గడువుతోనే కొనసాగుతాయి. చాలామంది ఆఖరి పని మర్చిపోతారు. ఎగుమతి రుజువు ఇచ్చి బాండ్ మూయించుకోకపోతే రెండేళ్ళ తరవాత నోటీసు వస్తుంది, అప్పటికి కాగితాలు చూసిన గుమాస్తా మానేసి ఉంటాడు.

డ్యూటీ కట్టిన సరుకును పంపేటప్పుడు షిప్పింగ్ బిల్లులో ఏం రాయాలి?

74వ సెక్షన్ కింద డ్రాబ్యాక్ అడుగుతున్నాను అన్న ప్రకటన ఆ బిల్లులోనే ఉండాలి. మామూలు ఫ్రీ షిప్పింగ్ బిల్లు వేసేస్తే, ఆ సరుకును ఎవరూ దిగుమతి కాగితాలతో పోల్చి చూడకుండానే వెళ్ళిపోతుంది. ఓడ వెళ్ళాక ఏ అధికారీ "అవును, అదే వస్తువు" అని రాయలేడు. మీ చేతిలో లేని కారణం వల్ల ప్రకటన తప్పిపోయిందని కమిషనర్‌ను ఒప్పిస్తే మినహాయింపు ఇచ్చే నిబంధన ఉంది, కానీ "మా బ్రోకర్ తొందర్లో వేశాడు" అనేది అలాంటి కారణం కాదు. పరీక్ష జరిగేటప్పుడు మీ మనిషి దగ్గర ఉండి, మెషిన్ పలక మీది సీరియల్ నంబరును దిగుమతి ప్యాకింగ్ లిస్టుతో కలిపి చూపించి, పరీక్ష రిపోర్టులో ఆ నంబర్లు ఎక్కాయో లేదో చదివి రావాలి.

ఎంతకాలం లోపు పంపాలి?

డ్యూటీ కట్టిన తేదీ నుంచి రెండేళ్ళ లోపు ఎగుమతికి నమోదు చేయాలి. తగిన కారణం ఉంటే పొడిగింపు అడగొచ్చు. ఇది వాడని సరుకు సంగతి. వాడిన సరుకుకు 18 నెలలు దాటితే పైసా రాదు.

డెమో కోసం కొన్నాళ్ళు వాడాను. ఎంత వస్తుంది?

1965 నాటి 19వ నంబరు నోటిఫికేషన్ పట్టిక ఇప్పటికీ దీనికి ఆధారం. 3 నెలల లోపు 95 శాతం, 6 లోపు 85, 9 లోపు 75, 12 లోపు 70, 15 లోపు 65, 18 లోపు 60, ఆ పైన సున్నా. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎన్ని రోజులు వాడారన్నది కాదు లెక్క. హోమ్ కన్సంప్షన్‌కు క్లియర్ అయిన రోజు నుంచి ఎగుమతి కోసం కస్టమ్స్ అధీనంలోకి వచ్చిన రోజు వరకు ఉన్న కాలం మొత్తం లెక్క. రెండు రోజుల ఎగ్జిబిషన్‌లో వాడి ఐదు నెలలు గోదాములో పడేసినా ఐదు నెలలే, 85 శాతమే. 1,32,000 డ్యూటీ మీద 98 శాతం అయితే 1,29,360 వచ్చేది, 85 అయితే 1,12,200. కాబట్టి వాడిన సరుకు పంపాలని తేలిన రోజే కదలండి, మూడో నెల చివర్లో వారం ఆలస్యం అయితే పది శాతం పోతుంది. బట్టలు, ఎక్స్‌రే ఫిల్ముల్లాంటి కొన్ని వస్తువులకు వాడాక అసలు డ్రాబ్యాక్ లేదు.

సరుకు లోపంతో వచ్చింది, సప్లయర్‌కు వాపసు పంపాలి. ఇదీ డ్రాబ్యాకేనా?

డ్రాబ్యాక్ తీసుకోవచ్చు, కానీ దానికంటే మంచి దారి ఒకటి ఉంది, దాని పేరు ఎక్కువమంది విననే లేదు. 26ఏ సెక్షన్ కింద, లోపం బయటపడి, లోపం తెలుసుకోవడానికి అవసరమైనంత తప్ప వాడకుండా, డ్రాబ్యాక్ అడగకుండా, క్లియరెన్స్ అయిన 30 రోజుల లోపు తిరిగి ఎగుమతి చేస్తే కట్టిన దిగుమతి డ్యూటీ మొత్తం రిఫండ్ అడగొచ్చు. రెండు శాతం కోత లేదు. ఆ 30 రోజులను తగిన కారణంతో పొడిగించుకునే వీలుంది, రిఫండ్ అర్జీ ఆరు నెలల లోపు పెట్టాలి. పెట్టె విప్పగానే లోపం కనిపిస్తే ఫోటోలు, ఇంజనీర్ రిపోర్టు, సప్లయర్ ఒప్పుకున్న మెయిల్ అన్నీ ఆ నెలలోనే పోగుచేసుకోండి. షిప్పింగ్ బిల్లులో అలవాటుగా డ్రాబ్యాక్ అని టిక్కు పెట్టేస్తే ఈ దారి మూసుకుపోతుంది.

## డబ్బు కోసం

క్లెయిమ్ ఎప్పుడు వేయాలి, ఏ కాగితాలు కావాలి?

సరుకు ఓడెక్కించొచ్చని కస్టమ్స్ ఇచ్చే లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డరు తేదీ నుంచి మూడు నెలల లోపు. దిగుమతి బిల్ ఆఫ్ ఎంట్రీ, డ్యూటీ కట్టిన రుజువు, దిగుమతి ఇన్‌వాయిస్, షిప్పింగ్ బిల్లు పరీక్ష రిపోర్టుతో సహా, ఎగుమతి ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ ముఖ్యమైనవి. మూడు నెలలు చాలా సమయం అనిపిస్తుంది, కానీ దిగుమతి ఒక పోర్టులో, ఎగుమతి ఇంకో పోర్టులో జరిగితే పాత కాగితాలు సరిచూసుకోవడానికే నెల పడుతుంది.

ఐజీఎస్టీ కూడా డ్రాబ్యాక్‌లో వస్తుందా?

దిగుమతి సమయంలో కట్టిన ఐజీఎస్టీ కూడా ఇక్కడ దిగుమతి డ్యూటీయే, కాబట్టి వస్తుంది, దానికి ఐటీసీ తీసుకోకపోతేనే. తీసుకుని ఉంటే ఆ భాగం అడగకూడదు. తీసుకోలేదని రుజువు చూపించాలి. క్లెయిమ్ వేసే మనిషికి తెలియకుండా అకౌంటెంట్ ఎప్పుడో రిటర్న్‌లో ఐటీసీ వేసేసి ఉండటం నేను తరచుగా చూసే తప్పు. అలాంటి క్లెయిమ్ పాస్ అయినా తరవాత వడ్డీతో వెనక్కి కట్టాలి. క్లెయిమ్‌లో అంకె రాసేముందు అకౌంటెంట్‌కు ఫోన్ చేసి, ఆ బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు మీద ఐటీసీ తీసుకున్నారో లేదో స్పష్టంగా అడగండి.

క్లెయిమ్ వేసి నాలుగు నెలలైంది, డబ్బు రాలేదు.

ముందు మీ క్లెయిమ్ మీద డెఫిషియన్సీ మెమో పెట్టారో లేదో చూసుకోండి. అంటే ఫలానా కాగితం లేదని తిప్పి పంపడం. అది మెయిల్‌లో ఎక్కడో పడి ఉంటే మీరు ఎదురు చూస్తూ ఉంటారు, ఆఫీసులో మీ ఫైలు మూసి ఉంటుంది. కాగితాలన్నీ సరిగ్గా ఉండి కూడా క్లెయిమ్ దాఖలు చేసిన నెల లోపు చెల్లించకపోతే, ఆ నెల దాటిన రోజుల నుంచి 75ఏ సెక్షన్ కింద మీకు వడ్డీ రావాలి. అది దానంతటదే పడుతుందని కూర్చోకుండా, ఉత్తరంలో సెక్షన్ పేరు రాసి, క్లెయిమ్ అందినట్టు రసీదు కాపీ జతచేసి అడగండి. అందుకే క్లెయిమ్ ఇచ్చిన రోజున తేదీ వేసిన రసీదు లేకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దని మా కుర్రాళ్ళకు రోజూ చెప్తాను.